మచ్చలు కప్పాలి, మన రంగు కాదు

హాస్టల్ ఫంక్షన్‌కో, పెళ్లికో మొహానికి ఏదో ఒకటి పూసుకుని ఫోటోలో చూస్తే బూడిద రాసినట్టు ఉందని మనలో చాలామంది బాధపడుతుంటారు. నేను డిగ్రీ చదువుతూనే బ్యూటీషియన్ పని నేర్చుకున్నాను. అందుకే ఇది రాస్తున్నా.

మైపాడు దగ్గర మా పెద్దమ్మ కూతురు రొయ్యల గుంటల మీద పనికి పోతుంది. మంచి ముదురు చామనఛాయ. పైన ఎండ, కింద నీళ్ల మీద నుంచి కొట్టే వెలుగు. దాంతో రెండు బుగ్గల ఎముకల మీదా మంగు వచ్చింది, నోటి చుట్టూ నలుపు తిరిగింది. నిశ్చితార్థం రోజు పార్లర్ ఆమె మచ్చలు కనపడకుండా తెల్లటి కన్సీలర్ మందంగా వేసింది. మొహం బూడిద రంగు, మెడ, చేతులు మాత్రం మామూలుగానే. బంధువులు నవ్వారు. "పెళ్లికి నాకేమీ వద్దు మే, నా మొహం నాకుంటే చాలు" అనింది అక్క.

తెల్లది వేస్తే బూడిద ఎందుకొస్తుంది? మన చర్మంలో మంగు లోతుగా ఉన్న చోట నలుపులో కొంచెం నీలం కలిసినట్టు ఉంటుంది. దాని మీద లేత రంగు పడితే రెండూ కలిసి బూడిదగా మారతాయి. ఎంత మందంగా వేస్తే అంత బూడిద. నీలాన్ని చంపేది నారింజ రంగు. అందుకే ముందు నారింజ కరెక్టర్ వేసి, ఆ తర్వాతే ఫౌండేషన్ వేయాలి. బాగా ముదురు రంగు వాళ్లకైతే ఇటుక ఎరుపుకు దగ్గరగా ఉండే నారింజ కావాలి. లేత పీచ్ రంగు కరెక్టర్ తెల్లటి వాళ్లకు సరిపోతుంది, మనకు అది కూడా బూడిదే చూపిస్తుంది.

ఇక ఫౌండేషన్. మొహంలో అన్నిటికంటే తెల్లగా ఉన్న చోటు చూసి కొనకూడదు. మెడ, ఛాతీ పైభాగం రంగు చూడాలి. దవడ కింద చిన్న గీత గీసి, ఎండ వెలుతురులోకి వచ్చి, పది నిమిషాలు ఆగాలి, ఎందుకంటే కొన్ని ఆరాక ఒక ఛాయ ముదురుతాయి. గీత ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తే అదే మన రంగు. అక్కకు ఒకే సీసా కుదరలేదు. ఒకటి పసుపు మీద పోయింది, ఒకటి మరీ ముదురు. రెండూ అరచేతి వెనక సగం సగం కలిపితే మెడతో కలిసిపోయింది.

పెళ్లి రోజు చేసింది ఇంతే. మొహం కడిగి, మాయిశ్చరైజర్ రాసి, అది ఇంకేదాకా ఆగాం. బియ్యపు గింజంత కరెక్టర్ తీసుకుని ఉంగరపు వేలితో మంగు మీద, నోటి చుట్టూ మాత్రమే అద్దాను. మచ్చ అంచు దాటి బయటికి పోనివ్వలేదు. మచ్చ పూర్తిగా పోయేదాకా వేయకూడదు, నీలం ఛాయ తగ్గితే చాలు. ఒక నిమిషం ఆగి, తడి స్పాంజితో ఫౌండేషన్ పల్చగా అద్దాను. ఇక్కడ రుద్దితే కింది నారింజ లేచి మొహమంతా పాకుతుంది. అలా అయితే అక్కడ తుడిచి మళ్లీ మొదలుపెట్టాలే గానీ పైన ఇంకో పూత వేయకూడదు.

సముద్రపు గాలికి చెమట ఆగదు కదా. చెమటను మెత్తటి గుడ్డతో అద్ది తీశాకే పౌడర్. తెల్ల టాల్కం వద్దు, చర్మం రంగు పౌడరే కొంచెం, ముక్కు మీదా నుదుటి మీదా. చివర్లో ఫోన్ ఫ్లాష్ వేసి ఒక ఫోటో తీసి చూశాం. తెల్లగా మెరిస్తే పౌడర్ గానీ సన్‌స్క్రీన్ గానీ కారణం, మంటపానికి పోకముందే తెలిసిపోతుంది. అక్క ఫోటోలో మొహం, మెడ, చేతులు ఒకే మనిషివి. దగ్గరికి వచ్చి చూస్తే మంగు నీడ కొంచెం కనిపిస్తుంది, దాన్నలా వదిలేశాం.

ఒక మాట. ఇది కప్పడమే, మంగు తగ్గదు. తగ్గాలంటే ఎండలో పనికి పోయేటప్పుడు టోపీ, కొంగు, రంగు కలిసిన సన్‌స్క్రీన్ వాడాలి. ఆ రంగులో ఉండే ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురును కూడా అడ్డుకుంటుంది, మన చర్మంలో మంగును ముదిరించే వాటిలో అదీ ఒకటి. మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీములు మొదట తెల్లగా చేస్తాయి. నెలలు వాడితే చర్మం పల్చబడి ఎర్రబడుతుంది, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి, ఆపితే మంట మొదలవుతుంది. ట్యూబు మీద బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మోమెటాసోన్ అని ఉంటే చర్మ డాక్టర్ చెప్పకుండా మొహానికి రాయొద్దు. ఇప్పటికే రాస్తున్నవాళ్లు ఉన్నపళంగా ఆపకుండా ఆ ట్యూబు తీసుకుని డాక్టర్ దగ్గరికి పోండి.