దర్శనం కావల్లంటే

తిరుపతి రైల్వేస్టేషన్ బయట యాత్రికులు దారిన పోయే మనల్ని ఆపి అడిగేది ఒకటే: "దర్శనానికి ఎట్లా పోవాలన్నా?" మన నోటికి వెంటనే వచ్చేది జాబితా. మూడు వందల టికెట్టుందా, సర్వదర్శనం టోకెనా, నడిచి పోతారా?

తెలియని పేర్లు వరసగా వింటే మనిషి తరచుగా చివరిదాన్నే పట్టుకుంటాడు. "నడిచే పోతాంలే" అని నసుగుతాడు. ఆ నసుగుడు వినపడితే నేను జాబితా ఆపేస్తాను. "మీతో ఎవరెవరు వచ్చినారన్నా?" అని ఒక్కటే అడుగుతాను. అప్పుడు తెలుస్తుంది, వెనక నీడలో భార్య చంకలో ఎనిమిది నెలల బిడ్డ ఉందని. ఏడాది నిండని బిడ్డతో వచ్చే తల్లిదండ్రులకు కొండమీద సుపథం దారి ఉంది. నేను చదివిన మూడింట్లో అది లేనే లేదు. లేనిదాన్ని ఆయన ఎట్లా ఎంచుకుంటాడు?

అట్లని ఎప్పుడూ అంత విశాలంగా అడగడమూ సరికాదు. నడకమొక్కు ఉందని ముందే చెప్పినాయన్ని "ఎట్లా పోవాలనుకుంటున్నారు?" అంటే తెల్లమొహం వేస్తాడు. ఉన్నవి రెండే దారులు, వాటి పేర్లు తెలిసింది మనకే. అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు. చంద్రగిరి వైపు శ్రీవారి మెట్టు నుంచి సుమారు 2,400 మెట్లు, దూరం తక్కువ, ఎక్కుడు నిటారు. ఈ రెండూ చెప్పి, "మోకాళ్ళు ఎట్లున్నాయి?" అంటే చాలు, ఆయనే తేల్చుకుంటాడు.