చందమామ ఎవరి వెంట వెళ్ళింది?



హాస్టల్లో కొత్తగా చేరిన చిన్నపిల్లలకు చెప్పడానికి మేము ఒక కథ తయారుచేశాం. మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. చందమామ మన వెంట ఎందుకు వస్తుందని చిన్నప్పుడు అడిగితే, "నువ్వంటే ఇష్టం కాబట్టి" అనే జవాబే దొరికేది. పీజీలో భౌతికశాస్త్రం చదువుతున్నాం కాబట్టి అసలు జవాబును కథలోనే పెట్టాం.

వేసవి సెలవులు అయిపోయాయి. జ్యేష్ఠ పౌర్ణమి రాత్రి. చిట్టి వాళ్ళ నాన్నతో కలిసి ముదినేపల్లిలో కైకలూరు బస్సు ఎక్కింది. పెట్టె సీటు కింద పెట్టి కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంది. రోడ్డు పక్క కరెంటు స్తంభాలు వెనక్కి పరుగెత్తుతున్నాయి. చేపల చెరువుల అవతల తాడిచెట్లు నెమ్మదిగా వెనక్కి జరుగుతున్నాయి. చందమామ మాత్రం కిటికీలో అలాగే ఉంది. చెరువు నీళ్ళల్లో కూడా ఇంకో చందమామ! గట్టు వస్తే మాయమై, పక్క చెరువులో మళ్ళీ కనిపిస్తోంది.

"నాన్నా, ఇంటి దగ్గర నుంచి నాతోనే వస్తోంది" అంది చిట్టి. ఆ ధైర్యంతోనే నిద్రపోయింది.

అదే రాత్రి వాళ్ళ అన్నయ్య గుడివాడ బస్సు ఎక్కాడు. తర్వాత సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు, "ఆ రోజు చందమామ నా వెంట గుడివాడ దాకా వచ్చింది" అన్నాడు. చిట్టికి ఏడుపొచ్చింది. ఒక్క చందమామ రెండు దిక్కులకు ఎలా వెళ్తుంది?

కథ ఇక్కడ ఆపి, పిల్లల్నే అడిగాం. ఒకడు "అన్నయ్య అబద్ధం చెప్పాడు" అన్నాడు. ఇంకొకడు "రెండు చందమామలున్నాయి" అన్నాడు. ఇది మన పిల్లల ఊహే కాదు. స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే 1926లో అచ్చయిన తన పుస్తకంలో అక్కడి పిల్లలు కూడా చందమామ తమ వెంట వస్తుందని నమ్మినట్లు రాశాడు. ఇద్దరు చెరో వైపు నడిస్తే అది ఎవరి వెంట వెళ్తుందని అడిగి చూశాడు కూడా.

జవాబు లెక్కలో ఉంది. బస్సు 10 మీటర్లు వెళ్తే, సరిగ్గా పక్కన 10 మీటర్ల దూరంలో ఉన్న స్తంభం 45 డిగ్రీలు వెనక్కి పోతుంది. కిలోమీటరు దూరంలోని తాడిచెట్టు అర డిగ్రీ పైచిలుకు మాత్రమే జరుగుతుంది. ఆకాశంలో చందమామ వెడల్పు కూడా సుమారు అర డిగ్రీయే. అంటే 10 మీటర్లకు ఆ చెట్టు చందమామంత వెడల్పు జరిగిందన్నమాట. మరి చందమామ తన వెడల్పంత జరగాలంటే? దాని దూరం సగటున 3,84,400 కి.మీ., అసలు వెడల్పు 3,474 కి.మీ. మనం పక్కకు అంత దూరమూ ప్రయాణం చేయాలి. మన దేశం ఉత్తరం కొస నుంచి దక్షిణం కొస దాకా 3,214 కి.మీ. మాత్రమే! బస్సు 10 కి.మీ. వెళ్తే వచ్చే తేడా చందమామ వెడల్పులో మూడు వందల వంతు కూడా ఉండదు. అది కంటికి ఆనదు.

కానీ చందమామ చెట్ల వెనకే ఉన్నట్లు కనిపిస్తుంది. దగ్గరున్నదేదైనా వెనక్కి పోవాలని మన మనసు అనుకుంటుంది. పోకపోతే, అది మనతో పరుగెత్తుతోందని అనిపిస్తుంది. నీళ్ళల్లోని ప్రతిబింబం సంగతీ ఇంతే.

ఒక అమ్మాయి మంచి ప్రశ్న వేసింది: "అరగంట తర్వాత చూస్తే చందమామ పైకి వెళ్ళిందిగా?" నిజమే. అది బస్సు వల్ల కాదు, భూమి తిరగడం వల్ల. గంటకు సుమారు 15 డిగ్రీలు. చెయ్యి చాచి పిడికిలి పడితే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. బస్టాండులో కదలకుండా నిలబడి కొలిచినా ఆ జరుగుడు అంతే ఉంటుంది. ఒకవేళ చందమామ ఉన్నట్టుండి కుడి కిటికీ నుంచి ముందు అద్దంలోకి వస్తే, రోడ్డు మలుపు తిరిగిందని అర్థం.

చివరకు ఒక చిన్నపాప దిగులుగా, "అయితే అది నాకోసం రాలేదా అక్కా?" అని అడిగింది. అందరికీ అదే దిగులని అర్థమైంది. చిట్టి చేత ఇలా చెప్పించి కథ ముగించాం: "అది ఇంటి నుంచి రాలేదు. ఇంటి దగ్గరా ఉంది, ఇక్కడా ఉంది. నేను ఎనిమిది గంటలకు ఏ వైపు, ఎంత ఎత్తులో చూస్తానో, అమ్మ కూడా ఎనిమిదింటికి అదే వైపు, అంతే ఎత్తులో చూస్తుంది."

అది ఓదార్పు మాట కాదు, పైన చెప్పిన లెక్కే. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు మీ అమ్మగారితో ఒక టైము అనుకుని రండి. ఆ టైముకు ఇద్దరూ పిడికిలితో కొలిచి చూడండి.