క్లోరైడు తగ్గిందంటే

మన ఊళ్లలో చాలా లాబ్‌లు ఇచ్చే ఎలక్ట్రోలైట్స్ రిపోర్టులో మూడే అంకెలుంటాయి: సోడియం, పొటాషియం, క్లోరైడు. మొదటి రెండింటినీ అందరూ చూస్తారు. మూడోదాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. ఊపిరితిత్తుల డాక్టరుగా నా కన్ను ముందు పడేది ఆ మూడోదాని మీదే. బైకార్బొనేట్ పరీక్ష చెయ్యని చోట కూడా అది ఎంత ఉండవచ్చో క్లోరైడును బట్టి తెలుస్తుంది. దాన్నిబట్టి రోగి ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ ఎన్నాళ్ల నుంచి పేరుకుపోయి ఉందో కూడా ఊహించవచ్చు.

శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వచ్చిన ఒకావిడ విషయం చెబుతాను. అరవైకి దగ్గర పడిన మనిషి. బీడీ గానీ చుట్ట గానీ ముట్టింది లేదు. పెళ్లయిన నాటి నుంచి కట్టెల పొయ్యి ముందు కూర్చుని వండింది. ఆ పొగ చాలు, గాలి గొట్టాలు కుంచించుకుపోవడానికి. చలికాలం జ్వరం, కఫం వచ్చి అంబులెన్సులో మా దగ్గరకు తెచ్చారు. కోడలు చెప్పింది: "తెల్లారితే తలనొప్పి అంటాది బాబూ. నిన్నటి నుంచి పిలిస్తే కళ్లిప్పి, మళ్లీ తొంగుండిపోతంది." చేతులు ముందుకు చాపమంటే మణికట్లు ఉండుండి పడిపోతున్నాయి. మూతికి మాస్కు, నిమిషానికి ఎనిమిది లీటర్ల ఆక్సిజన్, సాచురేషన్ 99. చూసేవాళ్లకు ఆ 99 ధైర్యంగా ఉంటుంది. నాకు భయమేసింది.

కోడలి సంచిలో మూడు నెలల కిందటి రిపోర్టు ఒకటి దొరికింది. సోడియం 139, క్లోరైడు 94. రక్తంలో ధనావేశం, రుణావేశం సరితూగాలి. సోడియంలోంచి క్లోరైడు తీసేస్తే 45 మిగిలింది. అందులో ప్రొటీన్లు, మిగతా చిన్నాచితకా రుణావేశాల వాటా సుమారు 12. మిగిలిన 33 బైకార్బొనేట్. ఆరోగ్యవంతుల్లో అది 24 దగ్గర ఉంటుంది. అంటే ఈవిడ మంచంలో పడకముందే, ఇంట్లో పని చేసుకుంటూ తిరుగుతున్న రోజుల్లోనే, కిడ్నీలు 8, 9 యూనిట్లు అదనంగా కూడబెట్టి ఉంచాయన్నమాట.

ఎందుకు కూడబెట్టాయంటే, రక్తం ఎంత ఆమ్లంగా ఉందన్నది కార్బన్ డయాక్సైడ్ ఒక్కదాని మీదా, బైకార్బొనేట్ ఒక్కదాని మీదా ఆధారపడదు. ఆ రెండింటి నిష్పత్తి మీద ఆధారపడుతుంది. ఊపిరితిత్తులు గాలి బయటకు పంపలేక కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోతే, నిష్పత్తి నిలబడాలంటే బైకార్బొనేట్ పెరగాలి. మొదటి నిమిషాల్లో హిమోగ్లోబిన్, కణాల్లోని ప్రొటీన్లు కొంత ఆమ్లాన్ని పట్టుకుంటాయి. దాంతో వచ్చేది చాలా తక్కువ: కార్బన్ డయాక్సైడ్ పీడనం 10 మిల్లీమీటర్లు పెరిగితే బైకార్బొనేట్ ఒక్క యూనిట్ పెరుగుతుంది. అసలు పని కిడ్నీలది. అవి ఆరేడు గంటల తర్వాత గానీ కదలవు. పని పూర్తవడానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. అప్పటికి అదే 10 మిల్లీమీటర్లకు పెరుగుదల 4 యూనిట్ల దాకా చేరుతుంది.

అన్ని రోజులు ఎందుకని విద్యార్థులు అడుగుతుంటారు. వడపోతలో దిగే బైకార్బొనేట్‌ను బయటకు వదలకుండా పట్టుకుంటే సరిపోదా అని. సరిపోదు. ఆరోగ్యవంతుల కిడ్నీ దాన్ని ఎలాగూ దాదాపు మొత్తం వెనక్కి తీసుకుంటూనే ఉంటుంది. వదలకపోతే ఉన్నది నిలుస్తుందే గానీ పెరగదు. పెరగాలంటే కొత్తది తయారు కావాలి. కిడ్నీ గొట్టాల్లోని కణాలు గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొట్టి అమ్మోనియం చేస్తాయి. ఆ అమ్మోనియం మూత్రంలోకి పోయినప్పుడల్లా ఒక కొత్త బైకార్బొనేట్ రక్తంలో చేరుతుంది. అమ్మోనియం ఒంటరిగా పోదు, క్లోరైడును వెంటబెట్టుకుని పోతుంది. రిపోర్టులో క్లోరైడు తగ్గడానికి కారణం ఇదే.

స్థూలంగా ఒక లెక్క వేసుకోండి. 50 కిలోల మనిషిలో బైకార్బొనేట్ విస్తరించే చోటు సుమారు 25 లీటర్లు. లీటరుకు 8 యూనిట్ల చొప్పున పెంచాలంటే 200 కావాలి. మామూలు రోజున తిండి వల్ల పుట్టే ఆమ్లాన్ని సరిచెయ్యడానికే కిడ్నీ 50 నుంచి 70 యూనిట్ల పని చేస్తుంది. ఆ రోజువారీ పని ఆపకుండా, పైన ఈ 200 సమకూర్చాలి. అమ్మోనియం తయారీ ఒక్క పూటలో పుంజుకోదు. అందుకే రోజులు పడుతుంది.

సరిపడా చేరాక అమ్మోనియం తయారీ మళ్లీ మామూలు స్థాయికి దిగిపోతుంది. కూడిన బైకార్బొనేట్ మాత్రం తగ్గదు. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్నంత కాలం కిడ్నీ దాన్ని జారనివ్వదు. ఇంత చేసినా పీహెచ్ పూర్తిగా 7.40కి రావడం అరుదు. కాస్త ఆమ్లం వైపే ఆగుతుంది.

మా రోగి దగ్గరకు వద్దాం. 33 బైకార్బొనేట్ ఉందంటే, పెరిగిన 8, 9 యూనిట్లను నాలుగేసి చొప్పున విభజిస్తే, ఆవిడ మామూలు రోజుల్లో మోస్తున్న కార్బన్ డయాక్సైడ్ 60 దగ్గర ఉంటుంది. ధమని రక్తం ఇంకా తియ్యకముందే ఇంత తెలిసింది. తరువాత వచ్చిన గ్యాస్ రిపోర్టు: పీహెచ్ 7.23, కార్బన్ డయాక్సైడ్ 84, బైకార్బొనేట్ 34.

84 అన్నది ఈ రోజే, 40 నుంచి ఒక్కసారిగా పెరిగి ఉంటే బైకార్బొనేట్ 28, 29 దాటదు. పీహెచ్ 7.15 దాకా పడిపోయేది. అదే 84 వారాలుగా ఉండి ఉంటే బైకార్బొనేట్ 40 దగ్గరకు చేరేది, పీహెచ్ 7.3 పైన ఉండేది. ఈవిడ 34 ఆ రెంటికీ మధ్యన ఉంది. పాత 60కి కిడ్నీలు ఎప్పుడో సర్దుకున్నాయి. దాని మీద ఒకటి రెండు రోజుల్లో ఇంకో 24 వచ్చి పడింది. ఆ కొత్త భారానికి సర్దుకునే వ్యవధి వాటికి ఇంకా దొరకలేదు.

ఆక్సిజన్ తగ్గించి సాచురేషన్ 88కీ 92కీ మధ్య ఉంచాం. ఇలాంటి రోగుల్లో ఆక్సిజన్ ఎక్కువైతే, గాలి సరిగా ఆడని భాగాలకు రక్తం మళ్లుతుంది, హిమోగ్లోబిన్ పట్టుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేస్తుంది, శ్వాస కొంత నెమ్మదిస్తుంది. మూడూ కలిసి కార్బన్ డయాక్సైడ్‌ను పెంచుతాయి. బైపాప్ మాస్కు పెట్టాం, నెబ్యులైజర్, స్టెరాయిడ్, యాంటీబయాటిక్ మొదలుపెట్టాం. రెండు గంటలకు పీహెచ్ 7.28, కార్బన్ డయాక్సైడ్ 74. మర్నాడు ఉదయానికి 7.35, 62. ఆవిడ లేచి కూర్చుని కాఫీ అడిగింది. "సార్, ఇంకా 62 ఉంది, ప్రెషర్ పెంచమంటారా?" అంది జూనియర్ డాక్టరు. "వద్దమ్మా, ఆవిడ మామూలు అంకె అదే. అంతకన్నా దించితే కొత్త తగువు" అన్నాను.

ఆ తగువు ఎలా ఉంటుందో ఇంకో రోగిలో చూశాను. వేరే చోట వెంటిలేటర్ మీద పెట్టి, మూడో రోజున మా దగ్గరకు పంపారు. కార్బన్ డయాక్సైడ్ 40, అచ్చంగా పుస్తకంలోని అంకె. కానీ బైకార్బొనేట్ 36, పీహెచ్ 7.58, పొటాషియం 2.8. కండరాలు అదురుతున్నాయి, గుండె మధ్యమధ్య దెబ్బ తప్పుతోంది. గొట్టం తీద్దామని మిషన్ సాయం తగ్గిస్తే ఊపిరి సరిగా తీసుకోవడం లేదు. రక్తం క్షారం వైపు ఇంత జరిగితే మెదడు శ్వాసను తొందర పెట్టదు. యంత్రం కార్బన్ డయాక్సైడ్‌ను ఒక్క రాత్రిలో దించేసింది. కిడ్నీలు కూడబెట్టినది అంత త్వరగా పోదు.

నిజానికి కూడబెట్టడం కన్నా వదిలించుకోవడం కిడ్నీకి తేలిక. బైకార్బొనేట్‌ను మూత్రంలో వదిలేస్తే సరి. అయితే దాని బదులు వెనక్కి తీసుకోవడానికి క్లోరైడు ఉండాలి. 1961లో అమెరికాలో విలియం ష్వార్ట్జ్ బృందం కుక్కల్లో ఇది చూపించింది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువున్న గాలిలో ఉంచి, తర్వాత మామూలు గాలిలోకి తెచ్చినప్పుడు, క్లోరైడు అందిన కుక్కల్లో బైకార్బొనేట్ దిగింది, అందని వాటిలో అలాగే నిలిచిపోయింది. వెంటిలేటర్ మీద వచ్చిన రోగి పరిస్థితి ఆ రెండో గుంపుదే. కాళ్ల వాపులకని నెలల తరబడి లాసిక్స్ మాత్ర, పైన చప్పిడి పథ్యం. మూత్రంలో క్లోరైడు దాదాపు లేదు. మిషన్ వేగం తగ్గించి కార్బన్ డయాక్సైడ్‌ను ఆయన పాత స్థాయి వైపు రానిచ్చాం. లాసిక్స్ ఆపి, పొటాషియం క్లోరైడు, జాగ్రత్తగా కొంత సెలైన్ ఇచ్చాం. రెండు మూడు రోజుల్లో బైకార్బొనేట్ 31కి దిగింది, గొట్టం తియ్యగలిగాం. వాపుల వల్ల సెలైన్ ఇవ్వలేని వాళ్లకు ఎసిటజోలమైడ్ పనికొస్తుంది, ముందు పొటాషియం సరిచేశాకే.

క్లోరైడు తగ్గిన ప్రతివాళ్లకూ ఊపిరితిత్తుల జబ్బు ఉందనుకోకూడదు. వాంతులైనా, లాసిక్స్ వాడినా క్లోరైడు తగ్గి బైకార్బొనేట్ పెరుగుతుంది. తేడా పీహెచ్ చెబుతుంది. బైకార్బొనేట్ 33 ఉండి పీహెచ్ 7.36 అయితే కిడ్నీ సర్దుబాటు. అదే 33తో పీహెచ్ 7.46 అయితే క్షారమే మొదటి జబ్బు, లేదా సర్దుబాటు మీద మందుల వల్ల క్షారం తోడైంది. కిడ్నీలు చెడినవాళ్లలోనూ, సెప్సిస్‌లోనూ, అల్బుమిన్ బాగా తగ్గినవాళ్లలోనూ నేను వాడిన ఆ 12 నిలవదు, లెక్క తప్పుతుంది. అనుమానం కలిగించడానికి క్లోరైడు చాలు, నిర్ధారణకు ధమని రక్తమే తియ్యాలి.

డ్యూటీ డాక్టర్లను ఒకటి కోరతాను. ఇలాంటి రోగిని ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితం మీద ఆ రోజు పీహెచ్, కార్బన్ డయాక్సైడ్, బైకార్బొనేట్ రాయండి. కింద పెద్ద అక్షరాల్లో "ఆక్సిజన్ 88 నుంచి 92 మధ్యే ఉంచాలి" అని రాయండి. ఇంట్లోవాళ్లు ఆ కాగితాన్ని ఆరోగ్యశ్రీ కార్డుతో పాటే పెట్టుకుని, అంబులెన్సు ఎక్కగానే సిబ్బంది చేతికివ్వాలి.