గొడవకు ముందు రోజు

మేడమ్,

పోయినసారి కౌన్సెలింగ్‌లో నేను ఫోన్ తీసి, నా భాగస్వామితో జరిగిన చాట్ స్క్రీన్‌షాట్లు ఒక్కొక్కటీ చూపించబోతే మీరు వద్దన్నారు. అవన్నీ చూస్తే ఎవరికి ఎంత కోపం వచ్చిందో తెలుస్తుంది గానీ ఏది మళ్ళీ మళ్ళీ జరుగుతోందో తెలియదు, అది మీరే ఒక కాగితం మీద రాసుకురండి అన్నారు. రాశాను. ఒక కాగితంలో ఇమడలేదు, మన్నించండి.

ముందుగా ఆ స్క్రీన్‌షాట్ల సంగతి చెప్పాలి. నేను వాటిని మనసు చివుక్కుమన్నప్పుడు తీసుకున్నాను. మామూలుగా గడిచిన రోజున ఎవరూ స్క్రీన్‌షాట్ తియ్యరు కదా. అందుకని ఆ ఫోల్డర్ నిండా దెబ్బలే ఉన్నాయి, దెబ్బ తగలని రోజు ఒక్కటీ లేదు. నేను పనిచేసేది మందుల కంపెనీలో, క్వాలిటీ విభాగంలో. ఒక బ్యాచ్ చెడిపోతే మేం దాని రికార్డు ఒక్కటే చూడం, బాగా వచ్చిన బ్యాచ్ రికార్డు కూడా పక్కన పెట్టుకుని ఎక్కడ తేడా వచ్చిందో వెతుకుతాం. ఇక్కడా అదే చేశాను. వాట్సాప్‌లో Export chat నొక్కి, ఫొటోలు లేకుండా మొత్తం సంభాషణ ఫైలుగా తీసుకున్నాను. అందులో ప్రతి మెసేజ్ ముందూ తేదీ, టైము ఉంటాయి. ఒక్కో స్క్రీన్‌షాట్ తేదీ పట్టుకుని దానికి ముందు మూడు రోజులు, తర్వాత మూడు రోజులు చదివాను. మధ్యమధ్యలో గొడవ లేని వారాలు కూడా చదివాను.

మొదట గొడవ దేని మీద జరిగిందా అని చూశాను. ఏమీ దొరకలేదు. ఒకసారి రిప్లై ఆలస్యమైందని, ఒకసారి చెల్లికి డబ్బు పంపానని, ఒకసారి తన అమ్మ ఫోన్ ఎత్తలేదని. దేనికీ దేనికీ పొంతన లేదు. గొడవను వదిలేసి దాని ముందు రోజుల్లోకి వెళ్ళినప్పుడు మాత్రం ఒకే విషయం కనబడుతూ వచ్చింది. ప్రతిసారీ నేను తను లేకుండా ఎక్కడికో వెళ్ళబోతున్నాను.

ఒక్క సందర్భం పూర్తిగా చెప్తాను. మేం ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసుకుంటాం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మాటలు మాత్రం అవే.

ఫిబ్రవరిలో రాజమండ్రిలో మా పెద్దమ్మ కూతురి పెళ్ళి. సోమవారం నేను "గురువారం రాత్రి గౌతమికి వెళ్తున్నా, సోమవారం పొద్దున్నకల్లా వచ్చేస్తా" అని పెట్టాను. తను "సూపర్. బాగా ఎంజాయ్ చెయ్" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదు, మనస్ఫూర్తిగానే అన్నాడని ఇప్పటికీ నా నమ్మకం. బుధవారం సాయంత్రం "ఎవరెవరు వస్తున్నారు?" అని అడిగాడు. పేర్లు చెప్పాను. "మీ బావ కూడానా?" అన్నాడు. మా మేనమామ కొడుకు గురించి. "అందరూ వస్తారు కదా" అన్నాను. "సరే." అక్కడి నుంచి అన్నీ ఒక్క మాట జవాబులే. "ఓకే", "ఊ", "చూద్దాం." గురువారం మధ్యాహ్నం, నేను ఆఫీసులో ఉండగా, "పోయిన నెల అమ్మ ఫోన్ చేస్తే ఎత్తలేదు, గుర్తుందా? మా వాళ్ళంటే నీకు లెక్కలేదు" అని మొదలుపెట్టాడు. రైలెక్కే వేళకి నేను పెట్టినవన్నీ చదువుతున్నాడు, నీలం టిక్కులు పడుతున్నాయి, జవాబు మాత్రం లేదు.

శుక్రవారం రాత్రి పెళ్ళి. ఫైల్లో ఆ రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా అన్నీ నా మెసేజులే. "ఏమైంది?" "ఏదో ఒకటి చెప్పు." "నేనేం చేశానో చెప్తే కదా తెలిసేది." ఆ తర్వాత "సారీ. రేపే అత్తమ్మకి ఫోన్ చేస్తా." దానికీ జవాబు లేదు. అక్కడ తలంబ్రాలు పోస్తుంటే నేను వంటల వైపు మెట్ల మీద కూర్చుని ఇవి టైప్ చేస్తున్నాను. శనివారం పొద్దున్న "వ్రతానికి ఉండట్లేదు, మధ్యాహ్నం బస్సుకే వచ్చేస్తున్నా" అని పెట్టాను. కొద్ది నిమిషాల్లోనే జవాబు వచ్చింది. "తిన్నావా బంగారం? జాగ్రత్తగా రా."

వాళ్ళమ్మ ఫోన్ సంగతి ఆ తర్వాత ఫైలు చివరిదాకా వెతికాను. ఇద్దరిలో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. అంత గొడవ చేసిన విషయం అంత తేలిగ్గా మాయమైపోవడమే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. నా సారీకి మౌనం విరగలేదు. నేను త్వరగా వస్తున్నానని తెలిశాక విరిగింది.

మిగతా సందర్భాల్లో పేర్లూ ఊళ్ళూ మారతాయి గానీ క్రమం ఇదే. ముందు మంచిమాట, తర్వాత ఎవరెవరు అన్న ప్రశ్న, పొడి జవాబులు, ఏదో పాత తప్పు పైకి తీయడం, మౌనం, నేను బతిమాలడం, ప్రయాణం కుదించుకోవడం, ఆపైన ప్రేమ.

ఇలా జరగని సందర్భాలు కూడా రాయాలి, ఎందుకంటే వాటివల్లే నాకు విషయం కాస్త స్పష్టమైంది. ఆఫీసు పని మీద విశాఖ వెళ్ళాను, వారం ఉన్నాను, ఏ గొడవా లేదు. తాతయ్య పోయినప్పుడు గుంటూరు వెళ్ళాను. తనే బస్టాండు దాకా వచ్చి దింపాడు, రోజూ రెండుసార్లు ఫోన్ చేసి ఇంట్లోవాళ్ళని కూడా పలకరించాడు. అంటే నేను దూరం వెళ్ళడం సమస్య కాదు. నా వాళ్ళ మధ్య, తను లేని చోట, నేను సంతోషంగా ఉండబోయే రోజులే సమస్య అనిపిస్తోంది. ఇది నా ఊహ. తన మనసులో ఏముందో ఫైలు చెప్పదు కాబట్టి ఊహగానే తీసుకోండి.

ఇందులో నా వైపు నుంచి జరిగేది కూడా ఉంది. నా ఫోల్డర్లో తన మాటలున్నాయి గానీ వాటి కింద నేను వరసగా పెట్టిన పదిహేను ఇరవై మెసేజులు లేవు, అవి ఫైల్లోనే ఉన్నాయి. ఒకరు జవాబు కోసం వెంటపడటం, రెండోవాళ్ళు లోపలికి ముడుచుకుపోవడం, ముడుచుకున్నకొద్దీ వెంటపడటం పెరగడం, వెంటపడిన కొద్దీ ఇంకా ముడుచుకోవడం, ఈ చక్రాన్ని ఆండ్రూ క్రిస్టెన్సెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దంపతుల్లో చాలాకాలం పరిశీలించారని చదివాను. బయటినుంచి చూస్తే మాదీ అదే అనుకోవచ్చు. సగం అదేనేమో కూడా. కోపంతో గుండె వేగం నూరు దాటితే ఎదుటి మాట సరిగ్గా తలకెక్కదని, అప్పుడు కనీసం 20 నిమిషాలు విడిగా ఉండటం మంచిదని జాన్ గాట్‌మన్ అంటారు. కాబట్టి తన మౌనం అలాంటి విరామమేమోనని ఆ వైపు నుంచి కూడా చూశాను. కానీ విరామం కావాలనుకునేవాళ్ళు "ఇప్పుడు నావల్ల కాదు, రాత్రి మాట్లాడదాం" అంటారు. రాత్రికి వచ్చి ఆ విషయమే మాట్లాడతారు. తను ఎప్పుడు వస్తాడో ఒక్కసారీ చెప్పలేదు, వచ్చాక ఆ విషయం ఒక్కసారీ ఎత్తలేదు. ఆ రెండు తేడాల వల్ల దీన్ని విరామం అనలేకపోతున్నాను. మీరు ఎలా చూస్తారో వినాలని ఉంది.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది నా మెసేజులే. ఫిబ్రవరిలో "వెళ్తున్నా" అని చెప్పాను. వేసవి సెలవుల్లో స్నేహితురాళ్ళు అరకు వెళ్దామంటే "వెళ్ళనా? నీకేమీ ఇబ్బంది లేదు కదా?" అని అడిగాను. వర్షాకాలం వచ్చేసరికి "వాళ్ళు రమ్మన్నారు, నేనే వద్దన్నాలే" అని తనకి చెప్తున్నాను. చివరి రెండు నెలల్లో గొడవలు బాగా తగ్గాయి. మొదట అది చూసి మేం సర్దుకుంటున్నాం అనుకోవచ్చనిపించింది. కానీ ఆ రెండు నెలల్లో నేను ఎక్కడికీ వెళ్ళలేదు. గొడవకి అవకాశమే రాలేదు.

ఈ కాగితంలో లేనివి కూడా ఉన్నాయి. పెద్ద గొడవల్లో సగం ఫోన్లో జరిగాయి, అక్కడ ఏం మాట్లాడుకున్నామో ఫైల్లో ఉండదు. కొన్నిచోట్ల This message was deleted అని ఉంటుంది, అందులో ఏముందో నాకు గుర్తున్నంత వరకే చెప్పగలను. గుర్తున్నదాన్ని ఉన్నదిగా రాయడం ఇష్టం లేక వదిలేశాను. వాళ్ళ నాన్నగారి జబ్బు గురించి, ఇంటి అప్పుల గురించి తను నాతో చెప్పుకున్నవి చాలా ఉన్నాయి. అవి నన్ను నమ్మి చెప్పినవి, ఇక్కడికి తీసుకురాలేదు. ఆ నెలల్లో తన మీద చాలా బరువు ఉందన్నంత వరకు మీకు తెలిస్తే చాలు.

తన గురించి ఏ పేరూ పెట్టలేదు. మా స్నేహితురాలు ఈ స్క్రీన్‌షాట్లు చూసి నార్సిసిస్ట్ అనేసింది. మీరు తనని చూడలేదు, చూడని మనిషికి చాట్ చదివి జబ్బు పేరు పెట్టడం ఎవరికీ తగదు. ఏం జరిగింది, దానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది, అంతే రాశాను. ఇది కేసు కోసం రాసింది కూడా కాదు. కోర్టుకి కావాలంటే వేరే పద్ధతి ఉందని తెలుసు. అసలు చాట్ ఫోన్లో చెక్కుచెదరకుండా ఉండాలి, భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచెయ్యాలి. అందుకని అసలు చాట్‌ని తుడిచెయ్యలేదు, నాకు కావలసింది మాత్రం అది కాదు.

ఈ ఉత్తరం చేత్తో రాయడానికి కారణం ఉంది. నా ఫోన్ లాక్ తనకి తెలుసు. స్క్రీన్‌షాట్ల ఫోల్డరూ, ఎగుమతి చేసిన ఫైలూ ఇప్పుడు ఫోన్లో లేవు, ఆఫీసు లాకర్లో పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. మీ దగ్గర ఈ కాగితాలు ఎక్కడ ఉంటాయో, వేరే ఎవరు చూస్తారో ముందే చెప్పండి. అపాయింట్‌మెంట్ గుర్తుచేసే మెసేజ్ వాట్సాప్‌లో పంపొద్దని మీ రిసెప్షన్‌లో చెప్పండి.

తను నన్ను కొట్టలేదు, బెదిరించలేదు. మీరు పోయినసారి "భయం వేస్తుందా?" అని అడిగితే లేదన్నాను. కానీ ఆ జవాబు ఇప్పుడు అంత ధీమాగా చెప్పలేను. వచ్చే నెల నరసరావుపేటలో నా రూమ్మేట్ పెళ్ళి ఉంది. ఆ మాట తనకి చెప్పాలనుకుంటే ముందు కడుపులో తిప్పుతుంది. దాన్ని భయం అనాలా, మాట పడటం ఇష్టం లేకపోవడం అనాలా, మీతో మాట్లాడి తేల్చుకోవాలి.

నాకు కావలసినవి రెండు. నరసరావుపేట వెళ్తున్నానని ఒక్కసారి, పొట్టిగా, అనుమతి అడిగినట్టు కాకుండా ఎలా చెప్పాలో, మౌనం మొదలైతే ఆ రాత్రి ఫోన్ పట్టుకుని కూర్చోకుండా ఏం చెయ్యాలో మీ దగ్గర సాధన చెయ్యాలి. ఈసారి నేను బతిమాలకపోతే, ప్రయాణం కుదించుకోకపోతే ఏం జరుగుతుందో చూస్తే ఈ కాగితంలో రాసింది నిజమో కాదో మనకే తెలుస్తుంది. రెండోది, తను కూడా కౌన్సెలింగ్‌కి వస్తానంటున్నాడు. ఆ మాట మంచి మనసుతోనే అన్నాడు. కానీ గదిలో నేను చెప్పిన మాటకి ఇంటికెళ్ళే దారిలో మౌనం మొదలవుతుందేమోనన్న ఆలోచన ఉన్నంతకాలం తన ముందు నేను నిజం చెప్పలేను. ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టే ముందు కొన్నిసార్లు నన్ను ఒక్కదాన్నే చూడండి. ఎప్పుడు కలిపి చూడొచ్చో మీరే చెప్పండి.