చెమట పట్టినవాడే నలుడు

అక్క రిసెప్షన్‌లో నల దమయంతుల కథ చెప్తానంటే, ముందు రోజు రాత్రి అమ్మ కంగారుపడింది. "పెళ్లాన్ని అడవిలో వదిలేసి పోయినోడి కథ శుభమా అని పెళ్లిలో ఎందుకురా?" అంది. హంస రాయబారం వరకే చెప్పి దిగిపొమ్మంది.

కానీ నాకు కావలసింది హంస కాదు. నిశ్చితార్థమైన నెలకే బావ ఉద్యోగం పోయింది. "ఇంకోసారి ఆలోచించమ్మా" అని నాన్న అక్కతో నాలుగుసార్లు అన్నారు. అక్క మాత్రం మాట మార్చలేదు. ఆ తర్వాత బావతో నాన్న పెద్దగా మాట్లాడలేదు.

మైకు తీసుకుని స్వయంవరం దగ్గర మొదలుపెట్టాను. దమయంతి దండ పట్టుకుని వచ్చేసరికి ఎదురుగా ఐదుగురు నలులు. ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు నలుడి రూపంలోనే వచ్చి కూర్చున్నారు. తాను నలుణ్ణే కోరుకున్నానని చెప్పి, మీ గుర్తులు చూపించండని ఆమె ఆ దేవతలనే వేడుకుంది. అప్పుడు తేడా తెలిసింది. నలుగురికి రెప్ప పడట్లేదు, చెమట లేదు, మెడలో పూలు వాడలేదు, కాళ్లు నేలకి ఆనలేదు. ఐదోవాడికి చెమట పట్టింది, ఒంటి మీద దుమ్ముంది, దండ వాడిపోయింది, నేల మీద నీడ కూడా పడుతోంది. దమయంతి అతని మెడలోనే దండ వేసింది.

"మా అక్కకీ లోటు లేని సంబంధాలు వచ్చాయి. ఆమె చెమట పట్టేవాణ్ణి ఎంచుకుంది" అన్నాను. లైట్ల కింద షేర్వానీలో బావ నిజంగానే నుదురు తుడుచుకుంటున్నాడు. హాలంతా నవ్వింది.

అక్కడ ఆపేయొచ్చు. అమ్మ కళ్లతో సైగ కూడా చేసింది. కానీ సగం కథ చెబితే అబద్ధం చెప్పినట్టే అనిపించింది. అందుకే జూదం, అడవి కూడా చెప్పాను. రాజ్యం పోయాక నలుడు భార్య నిద్రపోతుంటే ఆమె చీరలో సగం కోసుకుని వెళ్లిపోయాడు. అది తప్పే. తర్వాత రూపం మారి, బాహుకుడనే పేరుతో అయోధ్యలో రథం తోలాడు. దమయంతి ఊరుకోలేదు. మనుషుల్ని పంపి వెతికించింది. అనుమానం వచ్చాక రెండో స్వయంవరమని కబురు పెట్టి రప్పించింది. ఆ కురూపిలో భర్త ఉన్నాడని ఎలా పోల్చుకుంది? అతను వండింది తెప్పించుకుని రుచి చూసి!

"బావా, కష్టం వస్తే చెప్పకుండా మాత్రం వెళ్లిపోకు. అక్కా, నువ్వు ఎలాగూ వెతికి పట్టుకుంటావు" అని మైకు ఇచ్చేశాను.

చప్పట్ల మధ్య నాన్న స్టేజీ ఎక్కారు. ఏమీ అనలేదు. జేబులోంచి తన కర్చీఫ్ తీసి బావ చేతిలో పెట్టారు.