ఫ్రెంచివారి నీవు, ఫ్రెంచివారి మీరు

సింగరాయకొండ అంగడివీధిలో వంకాయలమ్ము ముసలమ్మను నాబోటి బడిపంతులు "ఎంతకిస్తావమ్మా?" అని యడుగును. ఆమె "మీకు ఎక్కువ చెప్తానా పంతులుగారూ" అని బదులు చెప్పును. ఆమె నాకంటె ఇరువదియేండ్లు పెద్దది. అయినను "నీవు" నా పాలికిని, "మీరు" ఆమె పాలికిని వచ్చినవి. మన భాషలో ఈ రెండు మాటలును నిచ్చెనమెట్లు. వయస్సు, చదువు, ఉద్యోగము, బంధుత్వము చూచి మెట్టు నిర్ణయింతుము. కులము మాట వ్రాయ సిగ్గగుచున్నది గాని, అది ఆ లెక్కనుండి తొలగినదనుట బొంకగును.

ఫ్రెంచిభాషలోను రెండు మాటలున్నవి: "త్యు" అనగా నీవు, "వూ" అనగా మీరు. 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన యానాములో మన తెలుగుబిడ్డలు వీనిని బడిలోనే చదివిరి. అర్థము చెప్పుట సులభము. ఎవరితో ఏది పలుకవలెనో చెప్పుటయే కష్టము. నా పూర్వవిద్యార్థి యొకడు లియోన్ నగరమున ఉద్యోగమునకు పోయి, ముగ్గురు మనుష్యులను గూర్చి నాకు జాబులు వ్రాసినాడు.

మొదటియామె కచేరీలో అతని ప్రక్కబల్లవద్ద కూర్చుండునది. ఆమెకు నలువదియైదేండ్లు, ఇతనికి ఇరువదియారు. మొదటినాడే ఆమె "ఒన్ స త్యుత్వా?" అన్నదట, "మనము నీవనుకొందమా?" అని దాని భావము. మనవాడు తల యూపెనే గాని, పెద్దదానిని నీవనుటకు నోరాడక "వూ" అనుచునే యుండెను. వారము గడచినపిదప ఆమె, "నేనంత ముసలిదాననైతినా?" అని నవ్వుచునే యడిగినదట. ఆ నవ్వులో నొప్పి కలదు. ఆమె చాచిన చేతిని ఇతడు పట్టలేదు.

బ్రౌన్, గిల్మన్ అను పండితులు 1960లో ప్రకటించిన వ్యాసమున, ఐరోపాభాషలలో ఈ మాటలను రెండు బలములు నడపుచున్నవనిరి: ఒకటి అధికారము, రెండవది సాన్నిహిత్యము. పూర్వము అధికారము ప్రబలము. తరువాత సాన్నిహిత్యము దానిని వెనుకకు నెట్టినది. కనుక నేడు ఇద్దరు పెద్దవారు ఫ్రెంచిలో మాటాడునప్పుడు సాధారణముగా ఒకే మాటను ఇచ్చిపుచ్చుకొందురు. క్రొత్తగా చేరినవాడు మొదట "వూ" అని, ఆ గదిలోనివారు తమలో తామెట్లు పిలుచుకొనుచున్నారో వినవలెను. కొన్ని కచేరీలలో మొదటిదినమునుండియు అందరును "త్యు" అనుకొందురు. అట్లు కానిచోట, వయస్సున గాని పదవిలో గాని పెద్దవారు అడుగువరకు ఆగుట మేలు. ఒకసారి ఒప్పుకొన్నపిదప "వూ"కు మరలరాదు. మరలినచో కోపము వచ్చినదని తలతురు.

రెండవయామె రొట్టెల యంగడిలోని యిరువదియేండ్ల పిల్ల. మనయూర నైనచో అంగడిలోని కుఱ్ఱదానిని నీవనుటకు ఎవడును సంశయింపడు. అక్కడ అది చిన్నచూపు. ఆమె "వూ" అనును, కొనువాడును "వూ" అనవలెను. ప్రతిదినము పదియేండ్లు రొట్టె కొన్నను చాలవఱకు అంతే. అంతకుముందు "బోన్‌జూర్" అనవలెను. లోపలికి పోయి, ఆ పలుకరింపు లేక రొట్టె యడిగినచో, తరువాత నెంత చక్కని "వూ" పలికినను మొరటుతనమే. వంకాయల ముసలమ్మకు నేనెప్పుడైన నమస్కారము చెప్పితినా యని యెవరైన అడుగుదురేమో. ఆ ప్రశ్న మన వీధికంతకును చెల్లును.

మూడవయామె యెదురింటి డెబ్బదియెనిమిదేండ్ల వృద్ధురాలు. చలికాలమున జ్వరము వచ్చినప్పుడు ఇతనికి చారు కాచి తెచ్చినది. మనవానికి తన అవ్వ జ్ఞాపకము వచ్చినది. అవ్వను మనము నువ్వనియే పిలుతుము గదా! ప్రేమ ముదిరినకొలది మన నోట "మీరు" కరగిపోవును. తల్లిని నీవందుము, దేవుని నీవందుము. ఫ్రెంచి కేథలిక్కులు తమ ముఖ్యప్రార్థనలో దేవుని "వూ" అనుట మాని "త్యు" అనుట 1966లోనే గాని జరుగలేదు. ఆ వృద్ధురాలిని "త్యు" అనవద్దని నేను వ్రాసితిని. ఆమె తనంతట అడిగిననాడు అనవచ్చును. ఆమె యితనిని చిన్నవాడని "త్యు" అన్నను, అడుగనంతవఱకు ఇతడు "వూ" విడువరాదు. పాత నిచ్చెన ఇచ్చట మాత్రము కొంత మిగిలియున్నది. అడుగకయే పోవచ్చును. ఇరుగుపొరుగువారు ముప్పదియేండ్లు "వూ" అనుకొనుచు, ఒకరి తాళపుచెవి నొకరు దాచుకొని యుందురు. "వూ"తోపాటు పేరుపెట్టి పిలుచుటయు గలదు. మనకు వింతయైన యీ కలయిక అక్కడ చనువునకును మర్యాదకును సరిపోవును.

ఇక వ్యాకరణపు చిక్కొకటి. సంస్కృతమున "భవాన్" అన్నచో క్రియ ప్రథమపురుషకు పోవును. తెలుగున "మీరు మంచివారు" అని విశేషణముకూడ బహువచనమగును. ఫ్రెంచిలో క్రియ మాత్రము బహువచనము. ఒక్కరినే యుద్దేశించినప్పుడు విశేషణము ఏకవచనముగానే యుండును. మనవాడు ఆ వృద్ధురాలికి కృతజ్ఞతతో చీటీ వ్రాయుచు, తెలుగు అలవాటున "మంచివారు" అని బహువచనపు టక్షరమును చివర చేర్చినాడు. ఆ యక్షరము చెవికి వినబడదు, కంటికే కనబడును. ఆమె మరునాడు ఆ చీటీని తెచ్చి, ఆ కడపటి యక్షరమును పెన్సిలుతో కొట్టివైచి, "నేనొక్కతెనే" అన్నదట.