వెనక పేజీలోని తేదీలు

24 జూన్ 2024
మే 8 తర్వాత ఇంతవరకూ నెలసరి రాలేదు. నోట్‌బుక్ వెనక పేజీ తీశా. ఫిబ్రవరి 12. మార్చి 22. మే 8. సంక్రాంతి దాకా నెలకోసారి, అటూ ఇటూ ఒకటి రెండు రోజులు. తర్వాత 39 రోజులు, 47 రోజులు, ఇప్పుడు మళ్లీ 47 దాటబోతోంది.
కాఫీ ఇస్తుంటే అత్తయ్య అననే అంది, “ఏమన్నా విశేషమా?” అని. ఏం చెప్పను?

25 జూన్
తెల్లవారుజామున టెస్ట్ చేశా. ఒక్క గీతే. గడువు దాటేదాకా అక్కడే నిలబడి చూశా.
ఆయన ఏమీ అనలేదు. అత్తయ్యకు మాత్రం నా ముఖం చూడగానే తెలిసిపోయింది. వంటింట్లో గిన్నెల చప్పుడు కాస్త ఎక్కువైంది.

1 జూలై
డాక్టరమ్మ మంచి మనిషి, తొందరపెట్టదు. ముందు తేదీలు అడిగింది. వెనక పేజీ చూపించా. ఒకసారి ఆలస్యమైతే పట్టించుకోను గానీ వరసగా 35 రోజులు దాటుతుంటే చూడాల్సిందే అంది. మూత్రం పరీక్ష మళ్లీ చేయించింది. ఎవరికైనా మొదట అదేనట. ఇంట్లో చేసుకున్నానని చెప్పినా వినలేదు.
తర్వాత ప్రశ్నలు. బరువు పెరిగానా, తగ్గానా. గడ్డం మీద వెంట్రుకలు. నిద్ర. తలనొప్పి. పక్కచూపు సరిగ్గా ఉందా. చివర్లో నెమ్మదిగా, “రొమ్ములోంచి పాలేమన్నా కారుతున్నాయా?”
రెండు మూడు సార్లు జాకెట్టు మీద మరక చూశా. చెమట అనుకున్నా. చెప్పా. ఆమె పెన్ను ఆగింది.
ఇంట్లో ఏ మందులు వాడుతున్నానో స్ట్రిప్పులతో సహా తెచ్చి చూపించమంది. ఐరన్ మాత్ర, పొద్దున్నే గ్యాస్‌ది, అంతే అన్నా. “అదే, ఆ గ్యాస్‌దే తీసుకురామ్మా.”

3 జూలై
పరగడుపున ల్యాబ్‌కి. లేచిన వెంటనే కాకుండా రెండు మూడు గంటలు గడిచాక వెళ్లమంది డాక్టరమ్మ. వెళ్లగానే రక్తం ఇవ్వొద్దు, అరగంట ఊరికే కూర్చో అంది. కంగారు పడ్డా, పరిగెత్తుకుంటూ వెళ్లినా ప్రొలాక్టిన్ పెరుగుతుందట. కూర్చున్నా. పక్కన ఒక పిల్లాడు సూది చూసి ఒకటే ఏడుపు. కంగారు పడకుండా ఎలా కూర్చుంటారు?
థైరాయిడ్, ప్రొలాక్టిన్, ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టిరాన్. నెలసరి రెండో రోజు దాకా ఆగాలేమో అనుకున్నా. ఎప్పుడొస్తుందో తెలియని దానికోసం ఎన్నాళ్లు కాచుకుంటాం, మొదటి రెండూ ఏ రోజైనా చేయొచ్చు అంది.

4 జూలై
స్కానింగ్. కడుపు నిండా నీళ్లు తాగి వరసలో కూర్చోవడం ఒక శిక్ష. రిపోర్టులో రెండు అండాశయాల్లోనూ చిన్న చిన్న బుడగలు, “పీసీఓడీ మార్పులు” అని రాశారు.
సాయంత్రానికి ఆడపడుచు ఫోన్. అన్నం మానెయ్, మెంతులు నానబెట్టుకు తాగు, వాళ్ల తోడికోడలికీ ఇదే. పేరు దొరికేసరికి ఇంట్లో అందరికీ ఒక రకమైన నిశ్చింత. నాకు తప్ప. గడ్డం లేదు, మొటిమ లేదు, బరువు పెరగలేదు. మరి నాకెందుకు?

5 జూలై
రిపోర్టులు వచ్చాయి. థైరాయిడ్ బాగానే ఉంది. ఎఫ్‌ఎస్‌హెచ్, టెస్టోస్టిరాన్ కూడా. ప్రొలాక్టిన్ 88. పక్కన బ్రాకెట్లో 25 లోపు ఉండాలని.
ల్యాబ్ అబ్బాయి అడక్కుండానే చెప్పాడు, ఇది పెరిగితే తలకి ఎంఆర్‌ఐ తీయిస్తారండీ అని. ఎందుకని అడిగా. పిట్యూటరీలో గడ్డ ఉందేమోనని అన్నాడు. అంత మామూలుగా ఎలా అంటారో.
నిద్ర పట్టలేదు. ఒక కన్ను మూసి, మరో కన్ను మూసి, గోడ క్యాలెండర్ అంచులు కనిపిస్తున్నాయో లేదో చూసుకున్నా.

8 జూలై
డాక్టరమ్మ రిపోర్టుకంటే ముందు స్ట్రిప్పు అందుకుంది. వెనక్కి తిప్పి, ఆ చిన్న అక్షరాలు చదివింది. రాబెప్రజోల్, దాని పక్కనే లెవోసల్పిరైడ్.
మొదటిది ఆమ్లం తగ్గిస్తుంది, దాంతో నీకు పేచీ లేదు, రెండోదాంతోనే అంది. కడుపు త్వరగా ఖాళీ అవడానికి కలుపుతారట. అది డోపమైన్‌కి అడ్డం పడుతుంది. పిట్యూటరీలో ప్రొలాక్టిన్‌ని అణిచి ఉంచేది ఆ డోపమైనే. దాని పట్టు సడలితే ప్రొలాక్టిన్ పెరుగుతుంది, పాలు వస్తాయి. అండాశయాలకు పైనుంచి అందాల్సిన సంకేతాలు మందగిస్తాయి. అండం విడుదల కాదు. నెలసరి వెనక్కి జరుగుతూ పోతుంది.
సంక్రాంతి తర్వాత మొదలుపెట్టా ఆ క్యాప్సూల్. గ్యాస్ డాక్టరు వాడమన్నాడు. ఎన్నాళ్లో చెప్పలేదు.
మరి స్కానింగ్‌లో పీసీఓడీ? నా వయసులో ఏ ఇబ్బందీ లేని ఆడవాళ్లలోనూ చాలామందికి అలాగే కనిపిస్తుందట. బుడగలొక్కటే చూసి ఆ పేరు పెట్టకూడదు. ఆలస్యమయ్యే నెలసరి, మగ హార్మోన్ల లక్షణాలు, బుడగలు, ఈ మూడింట్లో రెండు ఉండాలి. నాకు లెక్కకి రెండు ఉన్నట్టే కదా అన్నా. “థైరాయిడ్, ప్రొలాక్టిన్ కారణం కాదని తేలాకే ఆ లెక్క మొదలవుతుందమ్మా.”
ఎంఆర్‌ఐ ఇప్పుడు వద్దంది. గ్యాస్ డాక్టరుతో నా ముందే ఫోన్‌లో మాట్లాడి క్యాప్సూల్ ఆపించింది. కనీసం మూడు రోజులు గడవాలి, వారానికి మళ్లీ రక్తం చూద్దాం, తగ్గకపోతే అప్పుడు ఎంఆర్‌ఐ. మనసు జబ్బుల మందులు మాత్రం ఎవరూ ఇలా సొంతంగా ఆపకూడదని కూడా అంది. నాకెందుకు చెప్పిందో. పక్క కుర్చీలో ఉన్నావిడ కోసమేమో.

11 జూలై
గుండెల్లో మంట. రాత్రి పచ్చడి మానేశా, టీ ఒక పూటకి తగ్గించా. అత్తయ్య జీలకర్ర నీళ్లు ఇచ్చి, తాగేదాకా పక్కనే నిలబడింది. మెంతుల ఊసెత్తలేదు.

16 జూలై
ప్రొలాక్టిన్ 19.
ఆయనకి ఫోన్ చేసి అంకె మాత్రం చెప్పా. గొంతులో మాట రాలేదు. ఆయనకీ రాలేదనుకుంటా.

2 ఆగస్టు
మరకలు లేవు. నెలసరీ లేదు. అంకె తగ్గిన వారానికే రాదట. ముందు అండం పెరిగి విడుదలవ్వాలి, తర్వాత రెండు వారాలు. నెలాఖరుకీ రాకపోతే ప్రొజెస్టిరాన్ మాత్రలు కొద్ది రోజులు ఇచ్చి తెప్పిస్తానంది. వస్తే, గర్భసంచి పొర సిద్ధంగానే ఉందని కూడా తెలుస్తుందట.
మాత్రల్లేకుండా వస్తే బాగుండు.

14 ఆగస్టు
వచ్చింది.
ఎల్లుండి వరలక్ష్మీ వ్రతం. పీట, కలశం, తోరాలు అన్నీ తీసి పెట్టుకుంది అత్తయ్య. భయపడుతూ చెప్పా. కాసేపు చూసి, “పోనీలే, వచ్చే శుక్రవారం చేసుకుందువు గానీ” అంది. నవ్వింది కూడా.

13 సెప్టెంబరు
30 రోజులకి.
స్టాఫ్‌రూమ్‌లో సోషల్ టీచరు గారు బ్యాగులోంచి అదే క్యాప్సూల్ తీసి మింగారు. ఎన్నాళ్లుగా అండీ అన్నా. “గుర్తులేదమ్మా, షాపులో అడిగితే ఇస్తాడు.” స్ట్రిప్పు వెనక్కి తిప్పి రెండో పేరు చూపించా. అది రాసిన డాక్టరుకి ఓసారి చూపించుకోమన్నా. సోమవారం వెళ్తానన్నారు.